మినిట్స్ మీద సంతకం పడ్డాక చిత్తు కాగితాలను, ఆడియోను ఏం చేయాలి?

బోర్డు మీటింగ్ మినిట్స్ మీద చైర్మన్ సంతకం పడిన సాయంత్రం కంపెనీ సెక్రటరీ దగ్గర మూడు మిగులుతాయి. ఒకటి సంతకం పడిన మినిట్స్ బుక్. రెండోది మీటింగ్‌లో గబగబా రాసుకున్న చిత్తు ప్యాడ్. మూడోది వీడియో కాల్ రికార్డింగ్. మొదటిది శాశ్వతంగా దాచాల్సిందేనని అందరికీ తెలుసు. మిగతా రెండింటి విషయంలో ఆఫీసుల్లో పాతకాలపు అలవాటొకటి ఉంది: మినిట్స్ ఖరారయ్యాయి కాబట్టి ప్యాడ్ చింపేయ్, రికార్డింగ్ డిలీట్ చెయ్. ఈ అలవాటు ప్యాడ్ విషయంలో చాలావరకు సరైనదే. రికార్డింగ్ విషయంలో మాత్రం తప్పు. చాలా కంపెనీలు ఆ తప్పు చేస్తున్నట్టు తమకే తెలియకుండా చేస్తున్నాయి.

రెండింటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. చిత్తు ప్యాడ్ సెక్రటరీ విన్నదానికి సెక్రటరీ చెప్పుకున్న అర్థం. రికార్డింగ్‌లో ఉన్నది ఎవరి అర్థమూ కాదు, అక్కడ వినపడినది. చట్టం కూడా ఈ రెండింటినీ వేర్వేరుగానే చూస్తుంది.

కంపెనీల చట్టం 2013లోని 118వ సెక్షన్ ప్రకారం మీటింగ్ ముగిసిన 30 రోజుల్లోగా మినిట్స్ బుక్‌లోకి ఎక్కాలి. అలా నిబంధన ప్రకారం ఉన్న మినిట్స్ అక్కడ జరిగినదానికి సాక్ష్యం. అబద్ధమని ఎవరైనా రుజువు చేసేదాకా కోర్టు వాటిని నిజమనే అనుకుంటుంది. ‘రుజువు చేసేదాకా’ అన్న ఆ ఒక్క షరతు వల్లే ప్యాడ్‌కీ ఆడియోకీ విలువ వస్తోంది. మినిట్స్ తప్పని రుజువు చేయాలనుకునే మనిషి మొదట వెతికేది వాటినే.

ఇక సెక్రటరీలు పాటించే ప్రమాణం ఎస్‌ఎస్-1. మీటింగ్ అయిన 15 రోజుల్లో డ్రాఫ్ట్ మినిట్స్ డైరెక్టర్లకు పంపాలని, వాళ్లు 7 రోజుల్లో తమ అభ్యంతరాలు చెప్పాలని అది అంటుంది. మినిట్స్ మాటకు మాట రాసిన ప్రతిలా ఉండనక్కర్లేదని కూడా అదే చెబుతుంది. దీనికి తోడు చైర్మన్‌కు 118వ సెక్షనే ఒక విచక్షణ ఇచ్చింది. ఎవరి పరువుకైనా భంగం కలిగించే మాట, చర్చకు సంబంధం లేని మాట, కంపెనీకి చేటు చేసే మాట మినిట్స్‌లోకి రాకుండా ఆపవచ్చు. కాబట్టి మీటింగ్‌లో అన్నదానికీ మినిట్స్‌లో ఉన్నదానికీ తేడా ఉండటం తప్పేమీ కాదు, చట్టం తెలిసే ఆ తేడాను ఒప్పుకుంది. రికార్డింగ్ ఉన్నంతకాలం చైర్మన్ న్యాయంగా పక్కన పెట్టిన ఆ మాటలు కూడా బతికే ఉంటాయి. ఆడియోను తొందరగా వదిలించుకోవాలనే వాదనకు ఉన్న అసలు బలం ఇదే. మిగతావన్నీ స్టోరేజీ ఖర్చు లాంటి చిన్న విషయాలు.

అయితే ఆ వాదనకు అడ్డుగా ఒక నిబంధన ఉంది. బోర్డు మీటింగులు, అధికారాల నిబంధనలు 2014లోని 3వ నిబంధన వీడియో కాన్ఫరెన్స్‌లో జరిగే మీటింగులకు వర్తిస్తుంది. చైర్మన్, కంపెనీ సెక్రటరీ మీటింగ్‌ను రికార్డు చేయించాలని, ఆ రికార్డింగ్‌ను కంపెనీ రికార్డుల్లో భాగంగా గుర్తు వేసి, ఆ సంవత్సరపు ఆడిట్ పూర్తయ్యేదాకానైనా భద్రపరచాలని అది చెబుతోంది. అదే నిబంధన డ్రాఫ్ట్ మినిట్స్‌ను ఖరారయ్యేదాకా దాచమంటుంది. అంటే నిబంధన రాసినవాళ్లు ‘ఖరారు’ అన్న గీతను డ్రాఫ్ట్‌కే గీశారు. ఆడియోకు గీసిన గీత ఆడిట్. ఈ రెండు తేదీల మధ్య ఏడాదికి పైగా దూరం ఉండొచ్చు.

లెక్క వేస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2024 ఏప్రిల్ 10న మీటింగ్ జరిగిందనుకుందాం. డ్రాఫ్ట్ ఏప్రిల్ 25లోగా వెళ్లాలి. అభ్యంతరాల గడువు మే 2కల్లా అయిపోతుంది. మే 10లోగా మినిట్స్ బుక్‌లో ఎక్కించాలి. ఆ మీటింగ్ పడేది 2024-25 ఆర్థిక సంవత్సరంలో. ఆ సంవత్సరపు ఆడిట్ 2025 ఆగస్టు చివర్లో ముగిసిందనుకుంటే, మినిట్స్ ఖరారైన తర్వాత కూడా రికార్డింగ్‌ను మరో 15 నెలలకు పైగా దాచాల్సి వచ్చింది. అదే కంపెనీ 2025 మార్చి 20న పెట్టిన మీటింగ్ రికార్డింగ్‌కు మాత్రం అయిదు నెలలే సరిపోతుంది. మీటింగ్ తేదీ నుంచి ఇన్ని రోజులని లెక్కపెట్టే ఏ పద్ధతీ ఇక్కడ పనికిరాదు. ఆడిట్ రిపోర్ట్ సంతకం తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

ఇక్కడే సాఫ్ట్‌వేర్ కొంపముంచుతుంది. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో అడ్మిన్ ఏమీ మార్చకపోతే మీటింగ్ రికార్డింగుల గడువు 120 రోజులు. పై ఉదాహరణలో ఏప్రిల్ 10 రికార్డింగ్‌కు 2024 ఆగస్టు 8తో నూరేళ్లూ నిండుతాయి. అప్పటికి ఆడిట్ ముగియడం మాట అటుంచి, ఆ ఆర్థిక సంవత్సరంలో సగం కూడా గడవలేదు. ఎవరూ చెరపలేదు, ఎవరూ నిర్ణయించలేదు, కానీ నిబంధన తప్పినట్టే. ఐటీ విభాగానికి బోర్డు మీటింగ్ అంటే మామూలు సోమవారం కాల్ లాంటిదే. ఎవరైనా ప్రత్యేకంగా చెబితే తప్ప దాని గడువు మార్చాలని వాళ్లకు తోచదు. సెక్రటరీ చేయాల్సిన పని చిన్నదే: మీటింగ్ అయిన రోజే ఫైలును దించుకుని, కంపెనీ రికార్డుల ఫోల్డర్‌లో మీటింగ్ నంబరు, తేదీ, ‘2024-25 ఆడిట్ దాకా’ అన్న గుర్తుతో పెట్టుకోవడం. అప్పుడే ఫైలుకు వేలిముద్ర లాంటి `SHA-256` హ్యాష్ కూడా తీసి రిజిస్టర్‌లో రాసి ఉంచితే, రేపు ఆ ఫైలును కోర్టుకు ఇవ్వాల్సి వచ్చినప్పుడు పని సులువవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది.

ఒక సందేహం తరచూ వస్తుంది: నలుగురు డైరెక్టర్లు ఒకే గదిలో కూర్చుని, ఒక్కరే హ్యూస్టన్ నుంచి కాల్‌లో చేరితే? ఆ ఒక్కరి హాజరు వీడియో ద్వారానే కాబట్టి పై నిబంధన వర్తిస్తుందనుకుని నడుచుకోవడమే క్షేమం. అందరూ గదిలోనే ఉండి, సెక్రటరీ తన సౌకర్యం కోసం ఫోన్‌లో రికార్డు చేసుకుంటే అది వేరే కథ. ఆ రికార్డింగ్ ఉండాలని ఏ నిబంధనా అడగదు. సంతకం అయ్యాక చెరిపేయవచ్చు. అసలు మొదలుపెట్టకపోతే ఇంకా మేలు.

ఇప్పుడు దీనివల్ల ఎవరికి ఎలా దెబ్బ తగులుతుందో ఒక ఊహా కేసులో చూద్దాం. హైదరాబాద్‌లో అయిదుగురు డైరెక్టర్ల ప్రైవేట్ కంపెనీ. ఏప్రిల్ 10 మీటింగ్‌లో ఆరో అంశం: తమకు సరుకు పంపే ఇంకో కంపెనీకి 2 కోట్ల అప్పు ఇవ్వడం. ఇలాంటి అప్పుకు 186వ సెక్షన్ గట్టి షరతు పెడుతుంది. మీటింగ్‌లో ఉన్న డైరెక్టర్లందరూ ఒప్పుకుంటేనే తీర్మానం చెల్లుతుంది, మెజారిటీ చాలదు. హ్యూస్టన్ డైరెక్టర్ కాల్‌లో ఇలా అన్నారు: “వడ్డీ రేటు తేలకుండా ఎలా అండీ? అది చూసుకుని తర్వాత పెట్టుకుందాం.” చైర్మన్ అందుకుని “సరే, రేటు ఎండీ గారు మాట్లాడతారు, అందరికీ ఓకేనా?” అన్నారు. నాలుగైదు సెకన్ల నిశ్శబ్దం. తర్వాత అంశంలోకి వెళ్లిపోయారు. సెక్రటరీ ప్యాడ్‌లో ఉన్నది: ‘6 – లోన్ 2 కో. – రేటు? – తర్వాత – ఓకే.’ మినిట్స్‌లో ఉన్నది: ‘చర్చించిన మీదట ఏకగ్రీవంగా ఆమోదించారు.’ డ్రాఫ్ట్ మీద హ్యూస్టన్ నుంచి 7 రోజుల్లో ఏ జవాబూ రాలేదు.

రెండేళ్ల తర్వాత అప్పు మునిగింది. ఆ డైరెక్టర్ తాను ఒప్పుకోలేదంటున్నారు. అసమ్మతి తెలిపిన, ఒప్పుకోని డైరెక్టర్ల పేర్లు మినిట్స్‌లో రాయాలని 118వ సెక్షన్ చెబుతుంది. ఆయన పేరు లేదు. ఇక మూడు సాక్ష్యాలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి.

ప్యాడ్‌లోని ‘తర్వాత’ అన్న మాట ఇద్దరికీ పనికొస్తుంది. రేటు తర్వాత మాట్లాడతారనే కదా అర్థం అంటుంది కంపెనీ. అప్పు సంగతే తర్వాత అన్నానంటారు డైరెక్టర్. ఆ గీతలు రాసిన సెక్రటరీకి కూడా రెండేళ్ల తర్వాత అందులో ఏది తాను అనుకున్నదో గుర్తుండదు. అప్పటికప్పుడు రాసుకున్న కాగితాన్ని చూసి జ్ఞాపకం చేసుకోవడానికి సాక్షికి చట్టం వీలు ఇస్తుంది. కానీ అలా చూసిన కాగితాన్ని అవతలి పక్షం కూడా అడిగి చూడవచ్చు, దాని మీద ప్రశ్నలు వేయవచ్చు. ప్యాడ్‌లో అదే పేజీలో ‘మళ్లీ అదే పాట’ అని ఎవరి గురించో రాసి ఉంటే, మర్నాటి ప్రశ్నలన్నీ దాని మీదే. అంశం అప్పు నుంచి సెక్రటరీ మనసులోని మాటకు మారిపోతుంది.

రికార్డింగ్ సంగతి ఇంకోలా ఉంటుంది. ఆడియో అన్నీ తేల్చేస్తుందని జనం అనుకుంటారు. ఇక్కడ ఆ నాలుగైదు సెకన్ల నిశ్శబ్దం ఒప్పుకోలా, నెట్ తెగిందా? ఆడియో చెప్పలేదు. అయితే ఇంకో విషయం మాత్రం ఖాయంగా చెబుతుంది: ఆ అంశం ముగిసినప్పుడు నిర్ణయం ఏమిటో, ఎవరైనా ఒప్పుకోకపోతే వాళ్ల పేర్లేమిటో చైర్మన్ బయటికి చదవాలి. 3వ నిబంధన అడిగేది అదే. చైర్మన్ చదవలేదు. ఏకగ్రీవం అన్న మాట ఎవరి నోటా రాలేదు, డ్రాఫ్ట్‌లోనే పుట్టింది. కంపెనీ కేసుకు ఇది దెబ్బే. కానీ రేటు సంగతి ఎండీ మాట్లాడతారన్న తర్వాత ఆ డైరెక్టర్ మరే అభ్యంతరమూ పెట్టలేదని, మిగతా 50 నిమిషాలు మామూలుగా పాల్గొన్నారని కూడా అదే ఆడియో చెబుతుంది. అది కంపెనీకి అండ.

ఇప్పుడు ఆ రికార్డింగ్ లేదనుకుందాం. ఎందుకు లేదన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారుతుంది. మే నెలలో మినిట్స్ ఎక్కించిన మర్నాడే చెరిపేశారంటే, దాచాల్సినదాన్ని నిబంధనకు విరుద్ధంగా పోగొట్టారు. చేతిలో ఉండాల్సిన సాక్ష్యాన్ని చూపకపోతే అది వాళ్లకు వ్యతిరేకంగానే ఉండేదని కోర్టు అనుకోవచ్చు. పాత సాక్ష్య చట్టం 114వ సెక్షన్‌లో ఉన్న ఆ ఊహకు వీలు కొత్త చట్టంలో 119వ సెక్షన్‌లో ఉంది. 2025 సెప్టెంబరులో, ఆడిట్ ముగిశాక, ముందే రాసి పెట్టుకున్న పాలసీ ప్రకారం ఆ సంవత్సరపు రికార్డింగులన్నిటితో పాటు చెరిపేశారంటే కోర్టు ముందు చెప్పుకోవడానికి సూటి కారణం ఉంది. ఇక మూడోది అన్నింటికంటే ప్రమాదం. హ్యూస్టన్ డైరెక్టర్ 2025 జులైలో “ఆ అప్పు విషయంలో నా అభ్యంతరం రికార్డు చేయలేదు” అని మెయిల్ పెట్టారు. సెప్టెంబరులో పాలసీ ప్రకారమే అని చెరిపేశారు. తేదీల ప్రకారం తప్పు లేదు. కానీ గొడవ వస్తుందని తెలిసిన తర్వాత చెరిపితే అది పాలసీ కాదు, సాక్ష్యాన్ని మాయం చేయడంగా కనిపిస్తుంది. కోర్టుకు చేరకుండా ఉండాలనే ఉద్దేశంతో పత్రాన్నో ఎలక్ట్రానిక్ రికార్డునో నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. ఆ ఉద్దేశం లేదని చెప్పుకోవాల్సిన పరిస్థితే ఒక శిక్ష.

అందుకే ఎప్పుడు చెరపాలన్న ప్రశ్నకు ముందు, చెరపడాన్ని ఎవరు ఆపగలరన్నది పాలసీలో రాయాలి. ఫిర్యాదు, లీగల్ నోటీసు, కంపెనీల రిజిస్ట్రార్ నుంచి లేఖ, డైరెక్టర్ల మధ్య గొడవ వాసన వచ్చే మెయిల్, వీటిలో ఏది వచ్చినా సెక్రటరీ ఆ మీటింగ్‌కు సంబంధించినవన్నీ ఆపి ఉంచాలి. ప్యాడ్ కూడా.

కొంతమంది లాయర్లు ఆడిట్‌తో ఆగకుండా మూడేళ్లు దాచమంటారు. కారణం ఉంది. చాలా దావాలకు లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు, కంపెనీ లా ట్రిబ్యునల్ కేసులకూ కంపెనీల చట్టం 433వ సెక్షన్ ద్వారా ఆ చట్టం వర్తిస్తుంది. గొడవలు ఎక్కువగా ఉండే కుటుంబ కంపెనీకి ఇది మంచి సలహానే. కానీ దాచిన ప్రతి గంట ఆడియో వెదికి తీయగలిగిన ఆడియో కూడా. ప్రత్యర్థి ఆరో అంశం కోసమని అడిగి, తొమ్మిదో అంశంలో ఒక ఉద్యోగి గురించి ఎవరో అన్న మాట వింటారు. వ్యక్తి గొంతు కూడా వ్యక్తిగత డేటానే. 2023 డేటా రక్షణ చట్టం, అవసరం తీరాక డేటా తీసేయమంటుంది, వేరే చట్టం దాచమంటే తప్ప. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. కాబట్టి ఎందుకైనా మంచిదని శాశ్వతంగా ఉంచేయడం ఇక జాగ్రత్త కిందికి రాదు. ఆడిట్ దాకానో మూడేళ్లో, ఏదో ఒకటి బోర్డు ముందే తేల్చి అన్ని మీటింగులకూ ఒకేలా పాటించాలి. చిక్కు మీటింగులవి చెరిపి, మనకు అనుకూలమైనవి దాచే పద్ధతి మాత్రం రెండు వైపులా నష్టం.

ప్యాడ్ విషయానికి వస్తే, ఇక్కడ ఒక పదాల గందరగోళం తీర్చాలి. అజెండా నోట్స్, వాటికి సంబంధించిన ఇతర కాగితాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు లేదా వాటి అవసరం ఉన్నంతకాలం, ఏది ఎక్కువైతే అది, దాచాలని, తర్వాత బోర్డు అనుమతితో నాశనం చేయవచ్చని ఎస్‌ఎస్-1 చెబుతుంది. ఇందులో ‘నోట్స్’ అన్న మాట చూసి తమ చిత్తు ప్యాడ్‌ను కూడా ఎనిమిదేళ్లు బీరువాలో పెట్టేవాళ్లున్నారు. అజెండా నోట్స్ అంటే మీటింగ్‌కు ముందు ప్రతి అంశం గురించీ డైరెక్టర్లకు పంపే వివరణ. అది బోర్డు నిర్ణయానికి ఆధారం కాబట్టి ఉండాలి. చిత్తు ప్యాడ్ అందులోకి రాదు. ఒకవేళ ఎవరైనా ‘ఇతర కాగితాలు’ అన్న మాటలో ప్యాడ్ కూడా ఇరుక్కుంటుందని వాదిస్తారేమోనన్న భయం ఉంటే, దానికి మందు ఎనిమిదేళ్లు దాచడం కాదు. సెక్రటరీ చిత్తు రాతలు కంపెనీ రికార్డు కావని, మినిట్స్ తయారీకి సాయం మాత్రమేనని బోర్డు పాలసీలో ఒక్క వాక్యం రాసుకోవాలి.

చింపే తేదీగా సంతకం రోజు కంటే తర్వాతి బోర్డు మీటింగ్ మేలు. కారణం ఎస్‌ఎస్-1లోనే ఉంది. బుక్‌లో ఎక్కిన మినిట్స్‌ను మార్చాలంటే తర్వాతి మీటింగ్‌లో బోర్డు స్పష్టంగా ఒప్పుకోవాలి. ఎవరైనా “నేను అలా అనలేదు” అనేది ఎక్కువగా అక్కడే. అప్పుడు ప్యాడ్ చేతిలో ఉండాలి. రెండు బోర్డు మీటింగుల మధ్య 120 రోజులకు మించి వ్యవధి ఉండకూడదని కంపెనీల చట్టం 173వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, ఆ షరతు వర్తించే కంపెనీల్లో ప్యాడ్ ఆయుష్షు నాలుగు నెలలు దాటదు. ఆ మీటింగ్‌లో పాత మినిట్స్ మీద ఎవరూ ఏమీ అనకపోతే, ఎలాంటి నోటీసూ లేకపోతే, ఆ వారంలోనే చింపేయవచ్చు. డ్రాఫ్ట్ పంపినట్టు, అందినట్టు రుజువులు మాత్రం చింపకూడదు. వాటిని బోర్డు నిర్ణయించినంతకాలం, తక్కువలో తక్కువ మీటింగ్ తేదీ నుంచి మూడేళ్లు ఉంచాలి. హ్యూస్టన్ డైరెక్టర్‌కు డ్రాఫ్ట్ అందిందని, 7 రోజులూ ఆయన మౌనంగా ఉన్నారని చెప్పేవి అవే. ఆ ఊహా కేసులో కంపెనీకి ప్యాడ్ కంటే, బహుశా ఆడియో కంటే కూడా, అక్కరకొచ్చేది ఆ మెయిల్ రసీదు.

ప్రభుత్వ సంస్థల్లో, యూనివర్సిటీల్లో, మున్సిపాలిటీల్లో లెక్క వేరు. అక్కడ ఆడియో కూడా సమాచార హక్కు చట్టం కింద ‘సమాచారం’. దరఖాస్తు వచ్చాక, అడిగిన సమాచారాన్ని నాశనం చేస్తే 20వ సెక్షన్ కింద సమాచార అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 దాకా జరిమానా పడవచ్చు. అక్కడ చెరపడాన్ని ఆపే మొదటి గంట లీగల్ నోటీసు కాదు, పది రూపాయల దరఖాస్తు.

తీరా చెరపాల్సిన రోజు వచ్చాక, చెరిపామనుకున్నది నిజంగా పోయిందా అన్నది కూడా చూసుకోవాలి. షేర్‌పాయింట్‌లో తీసేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లో 93 రోజులు ఉంటుంది. జూమ్ ట్రాష్‌లో 30 రోజులు. ఆటోమేటిక్‌గా తయారైన ట్రాన్స్‌క్రిప్ట్ వేరే ఫైలుగా ఉండిపోవచ్చు, చాలాసార్లు దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక రిజిస్టర్‌లో ఏ మీటింగ్, ఏ ఫైలు, ఏ తేదీన, ఏ పాలసీ ప్రకారం, ఎవరు తీసేశారు అని ఒక్క వరుస రాసి ఉంచాలి. అందులో మీటింగ్ విషయం ఏమిటో రాయనక్కర్లేదు.

ఆ వరుస రాసిన తర్వాత కూడా ఒక కాపీ మిగిలే ఉండొచ్చు. హ్యూస్టన్‌లో ల్యాప్‌టాప్ పక్కన పెట్టిన ఫోన్‌లో ఆ డైరెక్టర్ సొంతంగా రికార్డు చేసుకున్న ఆడియో అది. గంటన్నర మీటింగ్‌లోంచి ఆయన కోర్టుకు తెచ్చేది తన అభ్యంతరం వినిపించే నాలుగు నిమిషాలు. మిగతా గంటా ఇరవై ఆరు నిమిషాలు వినిపించాల్సిన ఫైలు కంపెనీ రిజిస్టర్‌లో ‘తొలగించాం’ అన్న వరుసగా మాత్రమే ఉంటుంది.